కరెంటు బిల్లు సొమ్ము యాప్‌లో రెండుసార్లు కట్ అయితే: ఒక చెల్లింపును వెనక్కి రప్పించుకునే ఫిర్యాదు ఎలా చేయాలి?

పాలకొల్లు, అమలాపురం, రావులపాలెం, భీమవరం ప్రాంతాల పాఠకులు చాలాకాలంగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఫోన్‌లోని చెల్లింపు యాప్ ద్వారా కరెంటు బిల్లు కడితే ఖాతాలో నుంచి సొమ్ము రెండుసార్లు పోయింది. యాప్ వారిని అడిగితే కరెంటు ఆఫీసుకు వెళ్లమంటున్నారు, కరెంటు ఆఫీసులో అడిగితే బ్యాంకుకు వెళ్లమంటున్నారు, ఇక ఫిర్యాదు ఎవరికి చేయాలన్నది ఆ ప్రశ్న. గోదావరి జిల్లాలకు విద్యుత్ సరఫరా చేసే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే అందరూ ఈపీడీసీఎల్ అని పిలిచే సంస్థ, దాని బిల్లును యూపీఐ యాప్‌తో చెల్లించినప్పుడు వచ్చే చిక్కుకే ఈ మార్గదర్శిని పరిమితం చేస్తున్నాను.

ఫిర్యాదు రాయడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. అదనంగా పోయిన సొమ్ము ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? అది దారిలో ఆగిపోయి ఉండవచ్చు, యాప్ తరఫు బ్యాంకు వద్ద ఉండవచ్చు, లేదా విద్యుత్ సంస్థ ఖాతాకు చేరిపోయి ఉండవచ్చు. ఈ మూడింటికీ మందు వేరు. ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోయిన వారిలో ఎక్కువ మంది, సొమ్ము లేని చోట సొమ్ము అడిగినవారే.

## 1. మూడోసారి కట్టకండి, మొదటి రోజు ఏదీ చెరపకండి

సొమ్ము కట్ అయినట్టు బ్యాంకు నుంచి సందేశం వచ్చి, యాప్‌లో మాత్రం "ప్రాసెసింగ్" అనో "పెండింగ్" అనో కనిపిస్తున్నప్పుడు, కనెక్షన్ తీసేస్తారన్న భయంతో మళ్లీ కట్టేవారు ఉన్నారు. పెండింగ్ అంటే విఫలమైందని అర్థం కాదు. ఆ లావాదేవీ ఇంకా తేలలేదని మాత్రమే అర్థం. తేలని లావాదేవీ కొన్ని గంటల తరువాత విజయవంతం కావచ్చు, అప్పుడు మీరు తొందరపడి కట్టిన రెండోది అదనపు చెల్లింపు అవుతుంది.

ఇంకొక సంగతి. మొదటి చెల్లింపు విజయవంతమైన తరువాత కూడా, విద్యుత్ సంస్థ లెక్కల్లో అది నమోదు కాకముందే యాప్‌లో బిల్లును మళ్లీ తెరిస్తే పాత బకాయే కనిపించే అవకాశం ఉంది. తెరపై బకాయి ఉంది కాబట్టి మొదటి సొమ్ము చేరలేదని అనుకోకూడదు.

బ్యాంకు సందేశాలను తొలగించవద్దు. యాప్‌ను తీసివేసి మళ్లీ వేసుకోవద్దు. ఆ పని చేసినా లావాదేవీలు సాధారణంగా పోవు గాని, అసలే గందరగోళంగా ఉన్న సమయంలో ఇంకో గందరగోళం దేనికి?

## 2. ఆధారాలను ఒకచోట చేర్చండి

రెండు చెల్లింపుల మొత్తం ఒకటే, సర్వీసు నంబరు ఒకటే, తరచుగా తేదీ కూడా ఒకటే. కాబట్టి "నా సొమ్ము రెండుసార్లు కట్ అయింది" అని మాత్రమే రాస్తే, ఫిర్యాదు చూసే ఉద్యోగికి ఏది ఏదో తెలియదు. వాటిని విడదీసి చూపేవి రెండు రకాల నంబర్లు.

మొదటిది యూపీఐ రిఫరెన్స్ నంబరు. ఇందులో 12 అంకెలు ఉంటాయి. యాప్‌లోని లావాదేవీ వివరాలలోనూ, బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ ఖర్చు పక్కనా కనిపిస్తుంది. మీ ఖాతా నుంచి సొమ్ము బయటికి వెళ్లిందనడానికి ఇదే ఆధారం.

రెండోది బిల్లు చెల్లింపు ఐడీ. చాలా యాప్‌లు బిల్లులను భారత్ కనెక్ట్ అనే వ్యవస్థ ద్వారా చెల్లిస్తాయి. కొంతకాలం కిందటి వరకు దీనినే బీబీపీఎస్ అనేవారు. ఆ వ్యవస్థ ఇచ్చే ఐడీలో అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి, రశీదు మీద ముద్రితమై ఉంటుంది. బిల్లుకు సంబంధించిన సమాచారం విద్యుత్ సంస్థ వైపు సాగిందనడానికి ఇది ఆధారం. ఒక చెల్లింపుకు యూపీఐ నంబరు ఉండి ఈ ఐడీ లేకపోతే, ఆ సొమ్ము దారిలోనే ఆగిందనడానికి అది బలమైన సూచన.

సేకరించవలసినవి:

- ☐ బిల్లు ఫోటో: సర్వీసు నంబరు, బిల్లు నెల, మొత్తం స్పష్టంగా కనిపించాలి
- ☐ రెండు లావాదేవీల వివరాల పేజీల స్క్రీన్‌షాట్లు, సమయంతో సహా
- ☐ రెండు యూపీఐ రిఫరెన్స్ నంబర్లు, విడిగా కాగితం మీద రాసుకున్నవి
- ☐ భారత్ కనెక్ట్ ఐడీ ఉన్న రశీదు, ఒకటి ఉంటే ఒకటి, రెండు ఉంటే రెండు
- ☐ ఆ రోజు నుంచి నేటి వరకు బ్యాంకు స్టేట్‌మెంటు

చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. పోయిన సొమ్ము రెండు రోజుల తరువాత తిరిగి జమ అయిపోయినా గమనించక, ఫిర్యాదు మీద ఫిర్యాదు చేస్తూ ఉండేవారున్నారు. ఫిర్యాదు రాసే రోజునే స్టేట్‌మెంటు తీసి, తిరిగి జమ అయిన పద్దు ఏదైనా ఉందేమో చూడండి. చిన్న మొత్తాల జమలకు సందేశం రాకపోవడం కూడా జరుగుతుంది.

## 3. అదనపు సొమ్ము ఎక్కడ ఉందో తేల్చుకోండి

ఈ మెట్టు మీద కొంత సమయం పెట్టండి, మిగతా పనంతా దీని మీద ఆధారపడి ఉంది.

యాప్‌లోని స్థితిని ఒకవైపు, విద్యుత్ సంస్థ దగ్గరున్న చెల్లింపుల చరిత్రను ఇంకొకవైపు పెట్టుకుని చూడాలి. ఈపీడీసీఎల్ వెబ్‌సైటులో మీ సర్వీసు నంబరుతో చెల్లింపుల చరిత్ర చూడవచ్చు, అది కుదరకపోతే 1912కు ఫోన్ చేసి, "ఈ నెల నా సర్వీసు మీద ఎన్ని చెల్లింపులు, ఏ తేదీన, ఎంతెంత జమ అయ్యాయి?" అని అడగండి. చెల్లించిన మరుసటి గంటలోనే చూడవద్దు. రెండు మూడు పనిదినాలు గడిచాక చూసిన చరిత్రే నమ్మదగినది.

అప్పుడు మీ పరిస్థితి ఈ మూడింటిలో ఒకటిగా తేలుతుంది.

3అ. ఒకటి విజయవంతం, ఇంకొకటి విఫలం లేదా పెండింగ్. విద్యుత్ సంస్థ వద్ద ఒకటే జమ. అదనపు సొమ్ము దారిలో ఉంది. ఇది సాధారణంగా దానంతట అదే వెనక్కి రావాలి. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐ ద్వారా వ్యాపార సంస్థకు చేసిన చెల్లింపులో ఖాతా నుంచి సొమ్ము పోయి, అవతలి వైపు నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తరువాత ఐదు రోజులలోపు సొమ్మును తిరిగి జమ చేయాలి. ఆ గడువు దాటిన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం వినియోగదారుకు చెల్లించాలి. ఇక్కడ లెక్కించేవి క్యాలెండరు రోజులు, పనిదినాలు కావు.

3ఆ. యాప్‌లో రెండూ విజయవంతం; విద్యుత్ సంస్థ వద్ద ఒకటే జమ. సొమ్ము యాప్‌కూ విద్యుత్ సంస్థకూ మధ్య ఉన్న బ్యాంకుల దగ్గరో బిల్లు చెల్లింపు వ్యవస్థలోనో ఆగింది. దీనికి యాప్‌లో ఫిర్యాదు తప్పనిసరి, ఎందుకంటే యాప్ దృష్టిలో పని పూర్తయింది కాబట్టి తనంతట తాను ఏమీ చేయదు.

3ఇ. యాప్‌లో రెండూ విజయవంతం. విద్యుత్ సంస్థ వద్ద రెండూ జమ. ఇక్కడ ఎవరి వ్యవస్థలోనూ సొమ్ము ఇరుక్కోలేదు. రెండు చెల్లింపులూ గమ్యం చేరాయి, అదనపు మొత్తం మీ సర్వీసు మీద మిగులుగా ఉంది. పైన చెప్పిన ఐదు రోజుల గడువు, రోజుకు 100 రూపాయల పరిహారం ఈ పరిస్థితికి వర్తించవు. అవి విఫలమైన లావాదేవీలకే. యాప్ వారితో ఎంత వాదించినా ఫలితం స్వల్పం. నేరుగా 6వ మెట్టుకు వెళ్లండి.

మూడో పరిస్థితి మన ప్రాంతంలో ఎలా వస్తుందో చూస్తే, చాలాసార్లు అందులో యంత్రం తప్పు ఏమీ ఉండదు. రాజోలులో ఉన్న తండ్రి బిల్లు చేతికి రాగానే కడతారు. హైదరాబాదులో ఉన్న కొడుకు యాప్‌లో బిల్లును గుర్తుచేస్తూ వచ్చిన సందేశం చూసి అదే రోజు కడతాడు. ఆటోపే పెట్టుకున్న సంగతి మరచి చేత్తో కట్టేవారు ఇంకొందరు. కాబట్టి ఫిర్యాదు చేసే ముందు ఇంట్లో వారందరినీ ఒకమాట అడగండి. మీ ఖాతాలో ఒకే ఖర్చు ఉండి, విద్యుత్ సంస్థ వద్ద రెండు జమలు కనిపిస్తే జవాబు ఇంట్లోనే ఉంది.

### ఒక ఉదాహరణను చివరి దాకా చూద్దాం

పాలకొల్లులో ఒక ఇంటి బిల్లు 1,846 రూపాయలు అనుకుందాం. ఇంటాయన 9వ తేదీ రాత్రి 7:42కు యాప్‌లో కట్టారు. సొమ్ము పోయినట్టు సందేశం వచ్చింది, యాప్‌లో మాత్రం "ప్రాసెసింగ్". 7:51కి మళ్లీ కట్టారు. ఈసారి వెంటనే రశీదు వచ్చింది. ఖాతాలో నుంచి మొత్తం 3,692 రూపాయలు పోయాయి.

12వ తేదీన విద్యుత్ సంస్థ చరిత్ర చూస్తే 1,846 రూపాయల జమ ఒకటే ఉంది. రశీదు మీది వివరాలతో పోల్చి చూస్తే అది 7:51 నాటి చెల్లింపు. అంటే 7:42 నాటి మొదటి చెల్లింపే గమ్యం చేరలేదు.

చాలామంది ఇక్కడే తప్పు రాస్తారు. "రెండోసారి కట్ అయిన సొమ్ము తిరిగి ఇవ్వండి" అని రాస్తారు, ఎందుకంటే మనసుకు అదనంగా తోచేది రెండోదే. ఫిర్యాదు చూసే ఉద్యోగి రెండో లావాదేవీని తెరుస్తాడు, అది సక్రమంగా విద్యుత్ సంస్థకు చేరినట్టు కనిపిస్తుంది, "చెల్లింపు విజయవంతమైంది" అని రాసి ఫిర్యాదును మూసేస్తాడు. అతని వైపు నుంచి చూస్తే అది సరైన జవాబే. వెనక్కి రావలసినది గడియారం ప్రకారం రెండోది కాదు, గమ్యం చేరనిది. ఫిర్యాదులో దాని 12 అంకెల నంబరునే రాయాలి.

ఈ ఉదాహరణలో గడువు లెక్క ఇలా వస్తుంది: లావాదేవీ 9వ తేదీ, ఐదు రోజులు కలిపితే 14వ తేదీ. ఆలోపు 1,846 రూపాయలు తిరిగి జమ కావాలి. ఒకవేళ 16వ తేదీన జమ అయితే 15, 16 తేదీలకు కలిపి 200 రూపాయల పరిహారం అడగవచ్చు. ఆదేశం ప్రకారం ఈ పరిహారాన్ని వినియోగదారు అడిగేదాకా ఆగకుండానే జమ చేయాలి. అయినా జమ కాకపోతే అడగడంలో మొహమాటం అక్కరలేదు.

## 4. యాప్‌లో ఫిర్యాదు నమోదు చేయండి

ఈ మెట్టు 3అ, 3ఆ పరిస్థితులలో ఉన్నవారికి. యాప్‌లో చరిత్ర పేజీకి వెళ్లి, గమ్యం చేరని లావాదేవీనే తెరిచి, దాని కింద ఉన్న సహాయం లేదా ఫిర్యాదు మీటను నొక్కండి. యాప్ ముందు పేజీలో ఉండే సాధారణ సహాయ కేంద్రం ద్వారా వెళ్లవద్దు; అక్కడ పెట్టిన ఫిర్యాదుకు ఏ లావాదేవీ అన్నది జతకాదు.

భారత్ కనెక్ట్ ద్వారా జరిగిన చెల్లింపు అయితే కారణాన్ని ఒక పట్టికలో నుంచి ఎంచుకోమంటుంది. యాప్‌ను బట్టి మాటలు కొంత మారినా, మనకు పనికివచ్చేవి ఈ రెండు:

- `Amount deducted multiple times`: మీ ఖాతా నుంచి ఒకటి కంటే ఎక్కువసార్లు సొమ్ము పోయినప్పుడు. 3ఆకు ఇది సరిపోతుంది.
- `Double payment updated`: రెండు చెల్లింపులూ బిల్లు మీద నమోదైపోయినప్పుడు. 3ఇలో ఉన్నవారు యాప్‌లో కూడా ఒక నమోదు ఉండాలనుకుంటే దీన్ని ఎంచుకోవచ్చు.

భారత్ కనెక్ట్ ఐడీ రాకుండా ఆగిపోయిన చెల్లింపుకు, అంటే 3అకు, సొమ్ము పోయింది గాని ఐడీ అందలేదనే అర్థం వచ్చే కారణం విడిగా ఉంటుంది, దానిని ఎంచుకోండి. మోసం జరిగిందని సూచించే కారణాన్ని ఎంచుకోవద్దు. త్వరగా పని జరుగుతుందన్న ఆశతో అలా చేసేవారున్నారు; ఆ ఫిర్యాదు వేరే విభాగానికి వెళ్లి, మోసం కాదని తేలి, మొదటికి వస్తుంది.

ఫిర్యాదు నమోదయ్యాక వచ్చే నంబరును రాసుకోండి. ఫోన్‌లో మాట్లాడి సరిపెట్టుకోవద్దు. పై మెట్లలో ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఆ నంబరే.

## 5. ఫిర్యాదులో ఏమి రాయాలి

ఫిర్యాదు పొట్టిగా ఉండాలి, కాని అందులో నాలుగు విషయాలు తప్పక ఉండాలి: ఏది సక్రమమైన చెల్లింపు, ఏది అదనపు చెల్లింపు, ఆ సంగతి మీకెలా తెలిసింది, మీరు కోరుతున్నదేమిటి. "ఒక చెల్లింపును అలాగే ఉంచి ఇంకొకదానిని వెనక్కి ఇవ్వండి" అన్న కోరిక స్పష్టంగా ఉండడం ముఖ్యం. అది లేకపోతే రెండూ వెనక్కి వచ్చి, బిల్లు బకాయిగా మిగిలి, తరువాతి నెలలో ఆలస్య రుసుము పడే ప్రమాదముంది.

పాలకొల్లు ఉదాహరణకు పాఠం ఇలా ఉంటుంది:

> అయ్యా,
>
> నా విద్యుత్ సర్వీసు నంబరు ________ కు సంబంధించిన ________ నెల బిల్లు రూ. 1,846 ను 9వ తేదీన మీ యాప్ ద్వారా చెల్లించగా, నా ఖాతా నుంచి అదే మొత్తం రెండుసార్లు తీసివేయబడినది.
>
> మొదటి లావాదేవీ: రాత్రి 7:42, యూపీఐ రిఫరెన్స్ నంబరు ________. దీనికి బిల్లు రశీదు రాలేదు.
>
> రెండవ లావాదేవీ: రాత్రి 7:51, యూపీఐ రిఫరెన్స్ నంబరు ________, భారత్ కనెక్ట్ ఐడీ ________.
>
> 12వ తేదీన విద్యుత్ పంపిణీ సంస్థ చెల్లింపుల చరిత్రను పరిశీలించగా, రెండవ లావాదేవీ మాత్రమే నా సర్వీసుకు జమ అయినట్లు ఉన్నది. ఆ చరిత్ర, బ్యాంకు స్టేట్‌మెంటు ప్రతులను జత చేస్తున్నాను.
>
> కావున రెండవ లావాదేవీని యథాతథంగా ఉంచి, మొదటి లావాదేవీకి చెందిన రూ. 1,846 ను నా ఖాతాకు తిరిగి జమ చేయవలసినదిగా కోరుతున్నాను. 14వ తేదీ దాటినచో, రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం రోజుకు రూ. 100 చొప్పున పరిహారమును కూడా జమ చేయగలరు.

యాప్‌లో రాసే చోటు చిన్నదైతే రెండు నంబర్లు, "7:51 నాటిది ఉంచండి, 7:42 నాటిది తిరిగి ఇవ్వండి" అన్న ఒక్క వాక్యం రాసినా చాలు. ఖాతా నంబరు పూర్తిగా రాయనక్కరలేదు, చివరి నాలుగు అంకెలు సరిపోతాయి. యూపీఐ పిన్, ఓటీపీ, కార్డు వివరాలు ఏ ఫిర్యాదులోనూ ఉండకూడదు.

## 6. సొమ్ము విద్యుత్ సంస్థకు చేరిపోయినప్పుడు

3ఇలో ఉన్నవారు ముందుగా అంగీకరించవలసిన సంగతి ఒకటుంది. అదనంగా జమ అయిన మొత్తాన్ని విద్యుత్ సంస్థ సాధారణంగా తరువాతి బిల్లులలో సర్దుబాటు చేస్తుంది. 1,846 రూపాయలు మిగులుగా ఉండి, తరువాతి నెల బిల్లు 1,720 వస్తే, ఆ నెల కట్టవలసినది ఏమీ ఉండదు, ఇంకా 126 రూపాయలు దాని తరువాతి నెలకు మిగులుతాయి. ఇంటి బిల్లు అయితే ఈ సర్దుబాటుకు ఒప్పుకోవడమే తేలిక అని నా అభిప్రాయం. రెండు వేల లోపు సొమ్ము కోసం భీమవరమో అమలాపురమో నాలుగుసార్లు తిరిగితే బస్సు చార్జీలు, పోయిన పనిదినాలు ఆ సొమ్మును మింగేస్తాయి.

చెరువుల ఏరేటర్లకు ఉన్న సర్వీసుల సంగతి వేరు. అక్కడ బిల్లు పెద్దది, అదే సొమ్ముతో మేత కొనాలి, పట్టుబడి అయ్యేదాకా చేతిలో రొక్కం ఉండదు. అటువంటి వారు సర్దుబాటుకు బదులు వాపసు కోరుతూ లిఖితపూర్వకంగా అడగడం సబబే.

అడగవలసిన చోటు లైన్‌మన్ కాదు, మీటర్ రీడింగు తీసే వ్యక్తి కాదు. బిల్లుల లెక్కలు చూసేది విద్యుత్ రెవెన్యూ కార్యాలయం, అంటే ఈఆర్ఓ. అక్కడి అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసరు పేరున అర్జీ ఇవ్వాలి. మీ సర్వీసు ఏ ఈఆర్ఓ కిందికి వస్తుందో దగ్గరి సెక్షన్ ఆఫీసులో చెబుతారు. వెళ్లలేనివారు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోవచ్చు.

అర్జీతో తీసుకువెళ్లవలసినవి:

- ☐ బిల్లు, రెండు రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు ప్రతులు
- ☐ సర్దుబాటు కావాలా, వాపసు కావాలా అన్నది స్పష్టంగా రాసిన అర్జీ, రెండు ప్రతులు
- ☐ వాపసు కోరితే సర్వీసు ఎవరి పేరున ఉందో వారి సంతకం, వారి బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ నకలు

రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. అర్జీ తీసుకున్నామని నోటితో చెప్పినంత మాత్రాన తరువాత అది లెక్కలోకి రాదు.

అద్దెకు ఉన్నవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మిగులు సొమ్ము కట్టిన మనిషి పేరున ఉండదు, సర్వీసు నంబరు మీద ఉంటుంది, సర్వీసు ఇంటి యజమాని పేరున ఉంటుంది. మీరు వచ్చే నెల ఇల్లు ఖాళీ చేస్తే ఆ సర్దుబాటు తరువాత దిగేవారికి దక్కుతుంది. కాబట్టి ఖాళీ చేసే ముందు చెల్లింపుల చరిత్రను యజమానికి చూపించి, ఆ మొత్తాన్ని చివరి నెల అద్దెలోనో అడ్వాన్సు లెక్కలోనో తేల్చుకోండి. ఆఫీసుకు అర్జీ పెట్టడం కంటే ఇది సూటి మార్గం.

## 7. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

ఒకే సొమ్ముకు రెండు చోట్ల వాపసు కోరడం. యాప్‌లో ఫిర్యాదు పెట్టి, అదే రోజు ఈఆర్ఓలో సర్దుబాటు అర్జీ కూడా ఇస్తారు. యాప్ వైపు నుంచి సొమ్ము వెనక్కి వచ్చాక ఇటు సర్దుబాటు కూడా జరిగితే, తరువాత లెక్క సరిచూసినప్పుడు ఆ మొత్తం బకాయిగా తిరిగి వస్తుంది. ఒకచోట ఫిర్యాదు నడుస్తుండగా రెండోచోట సమాచారం మాత్రమే అడగండి. ఇప్పటికే రెండు చోట్లా పెట్టి ఉంటే, ఒకదానిని ఉపసంహరించుకుంటున్నట్టు రాసి ఇవ్వండి.

సొమ్ము రాగానే విషయం ముగిసిందనుకోవడం. వాపసు జమ అయిన తరువాత విద్యుత్ సంస్థ చరిత్రను మరొకసారి చూడాలి. మీ బిల్లు మీద ఒక జమ నిలిచి ఉండాలి. అదీ లేకుండా పోయి ఉంటే, పొరపాటున సక్రమమైన చెల్లింపే వెనక్కి వచ్చిందన్న మాట. గడువు తేదీలోపు బిల్లు మళ్లీ కట్టేయండి.

అంతర్జాలంలో వెతికిన నంబరుకు ఫోన్ చేయడం. యాప్ పేరుతో కస్టమర్ కేర్ అని వెతికితే మోసగాళ్లు పెట్టిన నంబర్లు కూడా దొరుకుతాయి. వాపసు ఇస్తామంటూ ఒక అభ్యర్థన పంపి పిన్ నొక్కమంటారు, లేదా తెరను చూపించే యాప్ ఒకటి వేసుకోమంటారు. సొమ్ము మీ ఖాతాలోకి రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. సహాయ నంబరును యాప్ లోపలి నుంచి, పాస్‌బుక్ మీద నుంచి, కరెంటు బిల్లు మీద నుంచి మాత్రమే తీసుకోండి. ఇప్పటికే మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఆ ఫిర్యాదు దారి వేరు.

సర్వీసు నంబరు పోల్చి చూడకపోవడం. రెండు చెల్లింపులలో ఒకటి వేరే సర్వీసు నంబరుకు వెళ్లి ఉంటే అది రెట్టింపు చెల్లింపు కాదు, తప్పు ఖాతాకు చేసిన చెల్లింపు. ఇంటికీ పొలం మోటారుకూ వేర్వేరు సర్వీసులు ఉండి, రెండూ యాప్‌లో భద్రపరచుకున్నవారికి ఇది జరుగుతుంది. పట్టికలో `Erroneously paid in wrong account` అనే కారణం దీని కోసమే.

## 8. జవాబు రాకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి

యాప్ వైపు ఫిర్యాదుకు మెట్లు వరుసగా ఉన్నాయి. మొదట యాప్. అక్కడ తేలకపోతే, ఆ యాప్‌కు యూపీఐ సేవ అందించే బ్యాంకు. మీ యూపీఐ ఐడీలో @ గుర్తు తరువాత వచ్చే భాగాన్ని బట్టి ఆ బ్యాంకు తెలుస్తుంది. తరువాత మీ ఖాతా ఉన్న బ్యాంకు. ఆ తరువాత, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వెబ్‌సైటులోని ఫిర్యాదు పేజీ. ఆచరణలో, యాప్ ఫిర్యాదు నంబరు పట్టుకుని మీ సొంత బ్యాంకు శాఖకు వెళ్లి లిఖితపూర్వకంగా ఇవ్వడమే మన ఊళ్లలో ఎక్కువగా పనిచేస్తుంది, ఎందుకంటే ఎదురుగా ఒక మనిషి ఉంటాడు, ముద్ర వేసిన ప్రతి చేతికి వస్తుంది.

ఫిర్యాదు చేసి 30 రోజులు గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇటువంటి ఫిర్యాదులను విచారించే అధికారికి, ఫిర్యాదు చేయవచ్చు. ఇందుకు రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. cms.rbi.org.in అనే వెబ్‌సైటులో నమోదు చేయాలి. సందేహాలకు 14448కు ఫోన్ చేయవచ్చు. జవాబేదీ రాకుండా, 30 రోజులు నిండకముందే వెళితే ఫిర్యాదును తిప్పిపంపుతారు, అందుకే యాప్‌లోనో బ్యాంకులోనో ఫిర్యాదు చేసిన తేదీకి ఆధారం ఉండాలని ముందు నుంచి చెబుతున్నది. గడువు నిండాక నెలల తరబడి జాగు చేయడం కూడా మంచిది కాదు, ఈ ఫిర్యాదుకు కాలపరిమితి ఉంది.

విద్యుత్ సంస్థ వైపు అర్జీ కదలకపోతే అంబుడ్స్‌మన్ వేరు, దారి వేరు. 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థకూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉండాలి. ఈపీడీసీఎల్‌కు అది విశాఖపట్నంలో ఉంది. ఈఆర్ఓలో ముద్ర వేయించుకున్న ప్రతిని, 1912 ఫిర్యాదు నంబరును జతచేసి ఆ వేదికకు రాయవచ్చు. అక్కడి నిర్ణయం కూడా తృప్తినివ్వకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. యాప్‌లో ఆగిన సొమ్ము కోసం ఈ వేదికకు రాసినా, విద్యుత్ సంస్థ వద్ద ఉన్న మిగులు కోసం రిజర్వ్ బ్యాంకుకు రాసినా, అది తమ పరిధిలోనిది కాదన్న జవాబే వస్తుంది. ఎటు వెళ్లాలో సందేహం వస్తే 3వ మెట్టులో విద్యుత్ సంస్థ చెల్లింపుల చరిత్ర నుంచి మీరు రాసుకున్న జమల సంఖ్యను చూడండి: ఒకటి ఉంటే బ్యాంకు దారి, రెండు ఉంటే విద్యుత్ సంస్థ దారి.